మొదటిసారి దుబాయ్ పనికి వెళ్తున్నారా? కాగితాలు, పెట్టె సర్దుకోవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పల్లెల నుంచి శంషాబాద్ మీదుగా దుబాయ్, అబుధాబి, షార్జాలకు కూలి పనికో, మేస్త్రీ పనికో, డ్రైవర్ పనికో మొదటిసారి వెళ్తున్నవాళ్ల కోసం రాసిన పేజీ ఇది. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లేవాళ్లకూ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. అయితే ఒక్కో దేశం రూల్స్ ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఇక్కడ యూఏఈనే ఉదాహరణగా తీసుకున్నాం.

పాస్‌పోర్టు, వీసా, టికెట్ ఉన్నాయి. ఇంకేం కావాలి?

ముందు పాస్‌పోర్టు తెరిచి, మీది ఈసీఆర్ పాస్‌పోర్టా, అంటే పనికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వ క్లియరెన్స్ అవసరమైనదా కాదా చూసుకోండి. పదో తరగతి పాస్ కానివాళ్లకు సాధారణంగా పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. అలాంటి మాటేదీ లేకపోతే ఈసీఎన్ఆర్, అంటే ఆ క్లియరెన్స్ అక్కర్లేనిది అన్నట్టే. ఈసీఆర్ పాస్‌పోర్టుతో యూఏఈ, సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం నుంచి క్లియరెన్స్ తప్పనిసరి. 1983 ఎమిగ్రేషన్ చట్టం పెట్టిన రూల్ ఇది. ఊళ్లలో దీన్ని ‘పీఓఈ క్లియరెన్స్’ అంటారు. ఇది ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే వస్తుంది. పాస్‌పోర్టు మీద స్టిక్కర్ లేదని కంగారు పడక్కర్లేదు కానీ, ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి.

క్లియరెన్స్‌తో పాటు ఇంకో మూడు కాగితాలు ఉండాలి. సంతకం చేసిన ఆఫర్ లెటర్ లేదా కాంట్రాక్టు ఒకటి, ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఒకటి, ఏజెంటుకు కట్టిన డబ్బుకు రసీదు ఒకటి. వీటిలో ఏది లేకపోయినా విమానం ఎక్కనిచ్చే అవకాశం ఉంది. అందుకే చాలామంది వీటిని పట్టించుకోరు. అక్కడ జీతం ఆగినప్పుడో, ప్రమాదం జరిగినప్పుడో మిమ్మల్ని నిలబెట్టేవి మాత్రం ఈ మూడు కాగితాలే.

‘ముందు విజిట్ వీసా మీద రా, అక్కడ మార్పిస్తాం’ అంటున్నాడు ఏజెంటు. వెళ్లొచ్చా?

వద్దు. పనికి వెళ్తున్నవాళ్ల చేతిలో ఉద్యోగానికి ఇచ్చిన ఎంట్రీ పర్మిట్ ఉండాలి, విజిట్ వీసా కాదు. విజిట్ వీసా మీద వెళ్తే భారత ప్రభుత్వం దృష్టిలో మీరు పనికి వెళ్లినట్టే ఉండదు. పీఓఈ క్లియరెన్స్ ఉండదు, బీమా ఉండదు, ఆఫర్ లెటర్ కూడా ఉండదు. అక్కడ కంపెనీ వీసా మార్చకపోతే గడువు దాటిన రోజు నుంచి జరిమానా పెరుగుతూ పోతుంది. ఖల్లివెల్లి అయిన తరువాత, అంటే సరైన వీసా లేకుండా అక్కడే ఉండిపోయిన తరువాత, జీతం ఇవ్వలేదని ఫిర్యాదు చేయడానికి కూడా మనిషి భయపడతాడు. ఏజెంటు ధైర్యమంతా ఆ భయం మీదే.

శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ అధికారికి అనుమానం వస్తే అక్కడి నుంచే వెనక్కి పంపిస్తారు. ‘అడిగితే చుట్టాల ఇంటికి వెళ్తున్నానని చెప్పు’ అని ఏజెంటు నేర్పించాడంటే, ఆ ప్రయాణం ఆపేయండి. అధికారికి అబద్ధం చెప్పి వెళ్లినవాడికి తరువాత న్యాయం అడగడం కష్టం. ‘ఆజాద్ వీసా’ కథ కూడా ఇంతే. ఒకరి పేరు మీద వీసా తీసుకుని ఇంకొకరి దగ్గర పని చేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం.

వీసా కాగితంలో ఏం చూడాలి? మాకు ఇంగ్లిష్ రాదు.

చదువు రానివాళ్లు కూడా పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని పోల్చగలిగేవి నాలుగున్నాయి. పాస్‌పోర్టు నంబరు ఒక్కో అంకె సరిపోవాలి. పేరు అక్షరం అక్షరం సరిపోవాలి. పుట్టిన తేదీ సరిపోవాలి. నాలుగోది ఉద్యోగం పేరు, కంపెనీ పేరు. ఆఫర్ లెటర్‌లో ఏ కంపెనీ, ఏ పని ఉన్నాయో వీసాలోనూ అవే ఉండాలి. ఆఫర్ లెటర్‌లో స్టీల్ ఫిక్సర్ అని, వీసాలో క్లీనర్ అని ఉంటే ఇక్కడే అడగండి. ‘వీసా కోటా లేక అలా వేశారు, పని మాత్రం ఇదే’ అనే సమాధానం ఎక్కువగా వినిపిస్తుంది. దాన్ని నమ్మొద్దు. అక్కడి కార్మిక శాఖ నోటిమాటను లెక్కలోకి తీసుకోదు, రికార్డులో ఉన్నదే చూస్తుంది.

మన దగ్గర పేర్ల చిక్కు ఒకటి ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఇంకొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరు ఒకే ఒక్క మాటగా ఉంటుంది. ఇలా ఒకే పేరుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. ఉద్యోగ వీసా ఉన్నవాళ్లకు అది వర్తించదు. అయినా రేపు మీ భార్యో తల్లిదండ్రులో చూడటానికి రావాలంటే వాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఉండాలి. కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తున్నవాళ్లు ఇంటిపేరు పూర్తిగా రాయించండి.

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలనేది రూల్. కాంట్రాక్టు రెండేళ్లు కదా, దానికి తగ్గట్టు రెండున్నరేళ్ల గడువైనా ఉంటే మంచిది. లేకపోతే కొత్తగా చేరిన పనిలో సెలవు అడిగి పాస్‌పోర్టు రెన్యువల్‌కు తిరగాల్సి వస్తుంది.

ఆఫర్ లెటర్‌లో జీతం గురించి ఏం చూడాలి? చెప్పిన మొత్తం ఉంటే చాలు కదా?

మొత్తం కన్నా బేసిక్ ఎంతో చూడండి. జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే కాబట్టి లెక్క వేసి చూపిస్తాం.

కోరుట్ల దగ్గరి ఊరి నుంచి వెళ్తున్న ఒక కుర్రాడికి ఏజెంటు ‘నెలకు 1,200 దిర్హమ్‌లు’ అని చెప్పాడనుకుందాం. లెటర్‌లో ఆ 1,200 రెండు రకాలుగా ఉండొచ్చు. బేసిక్ 1,200 అని ఉండొచ్చు, లేదా బేసిక్ 900, తిండి అలవెన్సు 300 అని ఉండొచ్చు. నెల జీతం చేతికి ఒకేలా వస్తుంది. కానీ యూఏఈలో పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కగడతారు. కనీసం ఏడాది పూర్తి చేసినవాళ్లకు, మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున వస్తుంది. బేసిక్ 900 అయితే రోజుకు 30, ఏడాదికి 630 దిర్హమ్‌లు. బేసిక్ 1,200 అయితే రోజుకు 40, ఏడాదికి 840. ఐదేళ్లకు ఒకరికి 3,150, మరొకరికి 4,200. ఓవర్‌టైమ్ కూడా బేసిక్ మీదే. మామూలు ఓవర్‌టైమ్‌కు 25 శాతం, రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు మధ్య చేస్తే 50 శాతం అదనంగా ఇవ్వాలి. నెల నెలా ఓవర్‌టైమ్ చేసే సైట్లలో ఈ తేడా గ్రాట్యుటీ తేడా కన్నా పెద్దదవుతుంది.

అందుకని లెటర్‌లో బేసిక్ ఎంత, తిండి ఎవరిది, క్యాంపు గది ఎవరిది, ఎన్ని గంటల పని, టికెట్ ఎవరిస్తారు అనేవి చదివించుకుని, తెలుగులో ఒక కాగితం మీద రాసుకోండి. ఊళ్లో బడి పంతులో, డిగ్రీ చదివిన పిల్లలో, తిరిగొచ్చిన గల్ఫ్ మనిషో ఎవరైనా సాయం చేస్తారు. చదివించే మనిషి ఏజెంటు మనిషి కాకూడదు, అంతే.

ఏజెంటుకు ఎంత కట్టాలి? రసీదు ఇవ్వనంటున్నాడు.

లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోగలిగే సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వాల్సిందే. వీసా ఖర్చు మీ మీద వేసుకోమంటే యూఏఈ చట్టం అందుకు ఒప్పుకోదు, అది యజమాని ఖర్చు. లక్ష, లక్షన్నర అడిగేవాడు, ‘రసీదు రాయను, నమ్మకం ఉంటే కట్టు’ అనేవాడు చాలావరకు లైసెన్సు లేని సబ్ ఏజెంటే అయి ఉంటాడు.

లైసెన్సు ఉందో లేదో emigrate.gov.in లో ఏజెంటు పేరు కొడితే తెలుస్తుంది. లైసెన్సు నడుస్తోందా, రద్దయిందా అనేది కూడా అందులోనే కనిపిస్తుంది. ఫోన్ ఉన్న ఎవరైనా పది నిమిషాల్లో చూసి చెప్పగలరు. ఇప్పటికే కొంత డబ్బు కట్టేసి ఉంటే, మిగతాది ఫోన్‌పేలోనో, బ్యాంకు ద్వారానో పంపండి. రసీదు లేకపోయినా ఆ లావాదేవీ రికార్డు మిగులుతుంది. చేతికి నోట్లు ఇస్తే ఏమీ మిగలదు.

బీమా ఏజెంటు చేయిస్తాడట. మేం పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి, పాలసీ కాగితం చేతికి తీసుకోవాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, దాని మీద పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఈసీఆర్ వాళ్లకు ఇది తప్పనిసరి. పదో తరగతి పాసైన ఈసీఎన్ఆర్ వాళ్లు కూడా స్వచ్ఛందంగా తీసుకోవచ్చు. ‘నాకు పీఓఈ అక్కర్లేదు’ అనుకుని వదిలేసే వాళ్లకే మరీ మరీ చెబుతున్నాం, ఇది తీసుకోండి.

పాలసీలో నామినీ పేరు ఎవరిది పడిందో చూడండి. తరువాత దాని కాపీ ఇంట్లో ఇచ్చి, ఏమైనా అయితే ఈ కాగితం ఉందని భార్యకో, అమ్మానాన్నలకో నోరు తెరిచి చెప్పండి. పాలసీ ఉన్న సంగతే ఇంట్లోవాళ్లకు తెలియకపోతే అడిగేవాళ్లే ఉండరు. తెలంగాణ ప్రభుత్వం కూడా గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల పరిహారం ఇస్తోంది. అక్కడ కూడా మొదట అడిగేవి పాస్‌పోర్టు, వీసా కాపీలే.

కాగితాలు ఎక్కడ, ఎలా పెట్టుకోవాలి?

మూడు చోట్ల. అసలు కాగితాలు ఒక జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫోల్డర్‌లో, చేతి సంచిలో. జిరాక్సుల సెట్ ఒకటి చెక్ ఇన్ పెట్టెలో బట్టల కింద. ఇంకో సెట్ ఇంట్లో. వీటితో పాటు అన్నింటికీ ఫోటోలు తీసి, మీ వాట్సాప్ నుంచి ఇంట్లో ఒకరికి పంపండి. ఫోన్ పోయినా అవి అక్కడ ఉంటాయి.

చేతి ఫోల్డర్‌లో ఉండాల్సినవి:

- పాస్‌పోర్టు, వీసా ప్రింటు, టికెట్ ప్రింటు
- పీఓఈ క్లియరెన్స్ ప్రింటు, బీమా పాలసీ, ఆఫర్ లెటర్
- మెడికల్ రిపోర్టు కాపీ, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఓ పది
- డ్రైవర్, ఎలక్ట్రీషియన్ లాంటి పనులైతే లైసెన్సు, ఐటీఐ సర్టిఫికెట్
- మందులు వాడేవాళ్లయితే డాక్టర్ చీటీ
- కంపెనీ ఫోన్ నంబరు, క్యాంపు అడ్రసు, ఇంటి నంబరు రాసిన ఒక కాగితం

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. దుబాయ్‌లో దిగాక ఫోన్ చార్జింగ్ అయిపోయి, తీసుకెళ్లడానికి వస్తానన్న మనిషి రాకపోతే, చేతిరాతతో ఉన్న ఆ కాగితమే దిక్కు. ఒక పెన్ను కూడా జేబులో పెట్టుకోండి.

ఆధార్ అసలు కార్డు, భూమి పాస్‌బుక్, పదో తరగతి మెమో లాంటివి కంపెనీ ప్రత్యేకంగా అడిగితే తప్ప తీసుకెళ్లకండి, ఇంట్లోనే ఉంచండి. ఖాళీ కాగితం మీద గానీ, ఖాళీ బాండ్ పేపర్ మీద గానీ సంతకం చేసి ఎవరికీ ఇవ్వొద్దు.

మన సిమ్ సంగతి మరిచిపోతుంటారు. బ్యాంకు ఓటీపీలన్నీ ఈ నంబరుకే వస్తాయి. వెళ్లే ముందు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని, రీచార్జి ఆగిపోకుండా ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. యూఏఈలో వాట్సాప్‌లో మెసేజ్‌లు వెళ్తాయి కానీ కాల్స్ సాధారణంగా కలవవు. అది ముందే ఇంట్లో చెబితే, మొదటి రోజు కాల్ కలవలేదని వాళ్లు భయపడరు.

పెట్టె ఎన్ని కిలోలు? ఎలా సర్దాలి?

టికెట్ మీద రాసి ఉన్నంతే. ఒక విమానానికి 20 కిలోలు ఇస్తే ఇంకోదానికి 30 ఇస్తారు. పక్కింటివాళ్ల టికెట్ చూసి సర్దుకోవద్దు. చేతి సంచి మామూలుగా 7 కిలోలు. మొత్తం బరువు సరిపోయినా, ఒకే పెట్టె 32 కిలోలు దాటితే తీసుకోరు.

30 కిలోల టికెట్ అనుకుంటే పెట్టె ఇలా సర్దుకోవచ్చు. ఖాళీ పెట్టె 3 కిలోలు, రోజువారీ బట్టలు, లుంగీలు, తువ్వాళ్లు 5, దుప్పటి 2, చెప్పులు, షూ 2, పచ్చళ్లు 4, కారం, పసుపు, ఇంట్లో చేసిన పొడులు 3, సకినాలు, మురుకులు 3, గిన్నె, ప్లేటు, గరిటె 2. మొత్తం 24. మిగతా ఆరు కిలోలు ఖాళీగా వదిలేయమని మా సలహా, ఎందుకంటే బయలుదేరే రోజు పొద్దున అమ్మలు, అత్తలు ఏదో ఒకటి తెచ్చి పెడతారు, వద్దనలేం. బియ్యం, పప్పు, సబ్బులు మోయకండి, అక్కడ ప్రతి సందులో దొరుకుతాయి. శంషాబాద్ కౌంటర్ దగ్గర అదనపు కిలోకు కట్టే డబ్బుతో అవన్నీ అక్కడ కొనుక్కోవచ్చు. ఊళ్లో కిరాణా కొట్టు కాటా మీద ఒకసారి తూచుకుని బయలుదేరండి.

తాపీ, సుత్తి, కటింగ్ ప్లయర్ లాంటి పనిముట్లు తప్పనిసరైతే చెక్ ఇన్ పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో సెక్యూరిటీ వాళ్లు తీసేస్తారు. నిజానికి పనిముట్లు కంపెనీయే ఇస్తుంది.

పచ్చళ్లు, నెయ్యి, కొబ్బరి తీసుకెళ్లొచ్చా?

పచ్చడి చెక్ ఇన్ పెట్టెలో పెట్టొచ్చు. నూనె కారి బట్టలు పాడవకుండా, గట్టి మూత డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేసి, రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టాలి. చేతి సంచిలో పచ్చడి గానీ, నూనె, నెయ్యి గానీ పెట్టొద్దు, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. నెయ్యి చెక్ ఇన్‌లో ఎంతవరకు ఒప్పుకుంటారో విమానసంస్థను అడగండి.

ఎండు కొబ్బరి మాత్రం వద్దు, చేతిలోనూ వద్దు, పెట్టెలోనూ వద్దు. అందులో నూనె ఎక్కువ, వేడెక్కితే తనంతట తానే అంటుకునే గుణం ఉందని విమానాల్లో నిషేధించారు. ప్రయాణం మంచిగా సాగాలని కురిడీ కొబ్బరికాయ పెట్టెలో వేసే అలవాటు ఉంటే, దాన్ని ఇంట్లో దేవుడి దగ్గరే ఉంచండి. కర్పూరం, అగ్గిపెట్టె, లైటర్ కూడా ఇంట్లోనే. పచ్చి మాంసం, ఎండు చేపలు మోసుకెళ్లి కస్టమ్స్ దగ్గర చిక్కులు తెచ్చుకోవద్దు.

గసగసాల వల్ల జైలంటున్నారు. నిజమా?

నిజమే, ఇంట్లో వంట చేసేవాళ్లకు కూడా చెప్పాల్సిన మాట. మనకు గసగసాలు కూరల్లో వేసుకునే మసాలా. యూఏఈలో, సౌదీలో అవి నల్లమందు మొక్క గింజలు, అంటే నిషేధిత మత్తు పదార్థం. తినడానికే తెచ్చుకున్నాం అంటే వినరు. విడిగా గసగసాల పొట్లం ఎవరూ పెట్టరు. అవి కలిసిపోయేది ఇంట్లో దంచిన మటన్ మసాలాలో, గరం మసాలా పొడిలో, కజ్జికాయల్లో, కొన్నిచోట్ల అరిసెల మీద. మీ కోసం చేసే పిండివంటల్లో, పొడుల్లో గసగసాలు వేయొద్దని ముందే చెప్పండి. నువ్వులకు ఇబ్బంది లేదు. బయట కొన్న మసాలా ప్యాకెట్ అయితే పదార్థాల జాబితా చదివించండి. చదివించడం కుదరకపోతే ప్యాకెట్ మానేయండి.

తమలపాకులు, కిళ్లీ సామాను, గుట్కా, ఖైనీ కూడా యూఏఈలోకి తీసుకెళ్లకూడదు. ఈ అలవాటు ఉన్నవాళ్లు ‘ఒక నెలకు సరిపడా’ దాచుకుని వెళ్లడం ప్రమాదం. పేరు రాయని పొడులు, చూర్ణాలు, లేహ్యాలు కూడా వద్దు.

బీపీ, షుగర్ మాత్రలు వాడుతున్నాను. ఎలా తీసుకెళ్లాలి?

స్ట్రిప్పులతోనే, డాక్టర్ చీటీతో. మాత్రలు విడిగా తీసి డబ్బాలో పోసుకుంటే అవి ఏవో ఎవరూ చెప్పలేరు. చీటీ మీద మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఉండాలి, మందు కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా డాక్టర్‌తో రాయించండి. బీపీ, షుగర్ మందులకు మామూలుగా ఇబ్బంది ఉండదు.

ఇబ్బంది నొప్పి, దగ్గు, నిద్ర మందులతో. ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు సిరప్పులు, అల్ప్రాజోలం, డయజెపాం, క్లోనజెపాం యూఏఈలో నియంత్రణలో ఉన్న మందులు. నిజంగా డాక్టర్ రాసినవైనా సరే, వెళ్లే ముందు యూఏఈ ప్రభుత్వం దగ్గర ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న ఒళ్లునొప్పుల మాత్రలు వద్దే వద్దు, వాటిలో ఏముందో మీకు తెలియదు.

రోజూ కల్లు తాగే అలవాటు ఉంది. దీనికీ ప్రయాణానికీ సంబంధం ఏమిటి?

చాలా ఉంది, పైగా దీని గురించి బయటకు మాట్లాడేవాళ్లు తక్కువ. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారని ఎక్సైజ్ కేసులు ఎన్నోసార్లు నమోదయ్యాయి. అలాంటి కల్లుకు ఏళ్ల తరబడి అలవాటు పడిన ఒళ్లు ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేదు. ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం జరుగుతాయి. దుబాయ్ క్యాంపులో మొదటి వారమే ఇలా అయితే పక్కవాళ్లకు ఏం జరుగుతోందో తెలియదు. కొందరు ఆ భయంతోనే మాత్రలు దాచుకుని వెళ్తారు. అవి పైన చెప్పిన నియంత్రణ కిందికే వస్తాయి కాబట్టి, దొరికితే జైలు.

వీసా పని మొదలైన రోజే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి. మందులిచ్చి, కొన్ని వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు. డాక్టర్‌కు కల్లు సంగతి దాచొద్దు.

పవర్ బ్యాంక్ ఎక్కడ పెట్టాలి?

చేతి సంచిలోనే. చెక్ ఇన్ పెట్టెలో పెడితే స్కానింగ్‌లో పట్టుకుని, మిమ్మల్ని పిలిచి పెట్టె తెరిపిస్తారు. మామూలుగా 100 వాట్ అవర్ వరకు ఒప్పుకుంటారు. మనం కొనేవాటిలో 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్, కాబట్టి పర్వాలేదు. అంకెలు చెరిగిపోయిన పాతది వద్దు. ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి ఒక్కరికి ఒకే పవర్ బ్యాంక్ అని, దాన్ని విమానంలో వాడకూడదు, చార్జింగ్ పెట్టకూడదు అని రూల్ పెట్టింది. వేరే విమానమైనా అలాగే పాటించండి.

ఎంత డబ్బు తీసుకెళ్లాలి?

భారతీయ నోట్లు 25,000 రూపాయల వరకు తీసుకెళ్లొచ్చు. కానీ అక్కడ అవి ఉపయోగపడవు. మొదటి జీతం రావడానికి నెలా నెలన్నర పట్టొచ్చు కనుక, తిండి కంపెనీదైతే 300, మీదైతే 600 దిర్హమ్‌ల దాకా దగ్గర ఉంటే నెట్టుకురావచ్చని మా అంచనా. లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ దగ్గర మార్పించుకుని రసీదు తీసుకోండి. డబ్బును ఒకే జేబులో పెట్టొద్దు.

మా ఊరివాళ్ల అబ్బాయి అక్కడే ఉన్నాడు, చిన్న పార్సిల్ ఇవ్వమంటున్నారు. కాదంటే బాగుండదు కదా?

తెరిచి చూపిస్తే తీసుకెళ్లండి. తెరవనంటే తీసుకెళ్లకండి. ఇతరులు ఇచ్చిన పార్సిల్‌లో గంజాయో, మత్తు మాత్రలో దొరికి, ఏమీ తెలియని మనిషి గల్ఫ్ జైల్లో ఏళ్లు గడిపిన కేసులు ఉన్నాయి. మీ పెట్టెలో దొరికిందంటే అది మీదే. ‘నాది కాదు’ అని నిరూపించుకోవాల్సిన భారం భాష రాని దేశంలో మీ మీద పడుతుంది. పచ్చడి డబ్బా అయితే మూత తీసి గరిటెతో అడుగుదాకా కలిపి చూడండి. బట్టలైతే ఒక్కొక్కటీ విప్పి మళ్లీ మడతపెట్టండి. మందులైతే చీటీ లేకుండా ముట్టుకోవద్దు. ఎయిర్‌పోర్టులో చివరి నిమిషంలో, ఏజెంటు మనిషి ద్వారా వచ్చే కవరును అసలే తీసుకోవద్దు. ఊళ్లో మాట పడుతుందనుకుంటే, ‘బరువు అయిపోయింది, కౌంటర్‌లో పైసలు అడుగుతారు’ అని చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు.

ఆడవాళ్లకు వేరే రూల్స్ ఉన్నాయా?

ఉన్నాయి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఈ దేశాలకు పనికి వెళ్లే మహిళలకు 30 ఏళ్లు నిండాలి. ఇంటిపనికి ప్రైవేటు ఏజెంట్ల ద్వారా వెళ్లడానికి లేదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఆ పని చేస్తాయి. వయసు ఎక్కువ వేసి పాస్‌పోర్టు చేయిస్తామనే వాళ్ల మాట వింటే, ఆ తప్పుడు తేదీ జీవితాంతం వెంటాడుతుంది. కువైట్, ఒమన్ వెళ్లేవాళ్లు పని చేయబోయే ఇంటి యజమాని పేరు, ఫోన్ నంబరు, అడ్రసు ఇంట్లో రాసి ఇచ్చి వెళ్లాలి.

ఎయిర్‌పోర్టుకు ఎప్పుడు చేరాలి? అక్కడ ఏం జరుగుతుంది?

విమానానికి మూడు గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలి. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చేవాళ్లు దారిలో బండి చెడినా సరిపోయేలా ఇంకో రెండు గంటలు చేర్చుకోండి. లోపల ముందు విమానసంస్థ కౌంటర్, అక్కడ పెట్టె ఇచ్చి బోర్డింగ్ పాస్ తీసుకోవాలి. పెట్టెకు ఇచ్చిన చిన్న ట్యాగు పారేయొద్దు, పెట్టె రాకపోతే అదే ఆధారం. తరువాత ఇమిగ్రేషన్. ఎక్కడికి, ఏ కంపెనీకి, ఏం పని, జీతం ఎంత అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పినా చాలు, ఫోల్డర్ చూపించండి. ఆపైన సెక్యూరిటీ తనిఖీ. నీళ్ల సీసా అక్కడే ఖాళీ చేయాలి.

ఎక్కేముందు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఒక రోజు శిక్షణకు వెళ్లొస్తే ఇదంతా ముందే తెలుస్తుంది. దాని పేరు పీడీఓటీ, హైదరాబాద్‌లో ఉంది.

దిగాక కంపెనీ మనిషి పాస్‌పోర్టు అడిగితే ఇవ్వాలా?

మెడికల్ పరీక్షకు, ఎమిరేట్స్ ఐడీకి కొన్ని రోజులు అవసరం పడుతుంది. దానికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు తేదీ వేసి ఒక కాగితం రాయించుకోండి, రాయకపోతే ఇచ్చిన రోజే వాట్సాప్‌లో ‘ఈ రోజు నా పాస్‌పోర్టు మీకు ఇచ్చాను’ అని ఆ మనిషికి మెసేజ్ పెట్టండి. పని అయ్యాక వెనక్కి అడగండి. కార్మికుల పాస్‌పోర్టును యజమాని దాచిపెట్టుకోవడం యూఏఈలో చట్టవిరుద్ధం.

ఇవ్వకపోయినా, జీతం ఆగినా, ఆఫర్ లెటర్‌లో లేని పని చేయమన్నా దుబాయ్‌లోని ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరుకు ఫోన్ చేయండి, యూఏఈలో ఎక్కడి నుంచైనా ఉచితం. ఇంట్లోవాళ్లు ఇండియా నుంచి 1800 11 3090 కు చేయొచ్చు. ఆ రెండు నంబర్లూ ఫోన్‌లో మాత్రమే కాదు, పైన చెప్పిన చేతిరాత కాగితం మీద కూడా రాసుకోండి.